పెళ్ళికూతురి మేకప్‌కు అడ్వాన్సు: ఎంత, ఎప్పుడు, ఏ మేరకు వాపసు

పాలకొల్లు నుంచి అమలాపురం దాకా, భీమవరం నుంచి తణుకు దాకా ఏ బ్యూటీ పార్లర్‌కు వెళ్ళినా, రసీదు పుస్తకం అడుగునో గోడ మీది కాగితంలోనో ఒక వాక్యం కనిపిస్తుంది: “అడ్వాన్సు ఎట్టి పరిస్థితుల్లోనూ తిరిగి ఇవ్వబడదు.” ఈ వృత్తిలో ఉన్న నాకు ఆ వాక్యం మీద గట్టి అభ్యంతరం ఉంది. రాకుండా మానేసేవారిని ఆపడానికని రాసుకున్న ఆ మాటే, వారు చెప్పకుండా మానేయడానికి కారణమవుతోందని నా వాదన. పెళ్ళి వాయిదా పడిన ఇంట్లో వంద పనులుంటాయి. కట్టిన డబ్బు ఎలాగూ రాదని ముందే తెలిసినప్పుడు, మేకప్ చేసే ఆవిడకు ఫోన్ చేసి నాలుగు మాటలు పడాలని ఎవరికి మాత్రం అనిపిస్తుంది? వారు ఊరుకుంటారు. మనం తెల్లవారుజామున పెట్టెలు సర్దుకుని, కారు మాట్లాడుకుని, బయలుదేరబోయే ముందు ఫోన్ చేస్తే అప్పుడు సంగతి తెలుస్తుంది.

ఫేషియల్, హెయిర్‌కట్ వంటి రోజువారీ పనుల సంగతి వేరు కాబట్టి, దాన్ని చివర్లో క్లుప్తంగా చెబుతాను. ఎక్కువ నష్టం వచ్చేదీ, ఎక్కువ గొడవలు జరిగేదీ పెళ్ళి మేకప్ దగ్గరే. దానికి కారణం మన పంచాంగం. ఆషాఢంలోనూ, భాద్రపదంలోనూ, పుష్యంలోనూ, మూఢం ఉన్న రోజుల్లోనూ పెళ్ళిళ్ళు ఉండవు. మాఘం, వైశాఖం, శ్రావణం వంటి మాసాల్లో వచ్చే కొద్దిపాటి మంచి ముహూర్తాల మీదే జిల్లాలో పెళ్ళిళ్ళన్నీ వచ్చి పడతాయి. ఒకే రాత్రి, ఒకే లగ్నానికి చుట్టుపక్కల ఊళ్ళలో ఎన్నో మండపాలు వెలుగుతాయి. పెళ్ళికూతురి మేకప్, జడ, చీరకట్టు, నగలు అన్నీ కలిపి మూడు గంటలకు తక్కువ పట్టదు కనుక, ఒక ముహూర్తానికి ఒక మేకప్ ఆర్టిస్టు చేయగలిగింది ఒక్క పెళ్ళికూతురినే. అంటే, ఆ తేదీని ఒకరికి రాసిచ్చిన క్షణం నుంచి, తర్వాత అడిగిన ప్రతి ఒక్కరినీ వెనక్కి పంపుతున్నాం. నష్టం అక్కడి నుంచే మొదలవుతుంది. పార్లర్‌లో కుర్చీ ఖాళీగా ఉంటే వీధిలోంచి ఇంకొకరు వచ్చి కూర్చోవచ్చు. ముహూర్తం ఖాళీ అయితే దాన్ని నింపడానికి ఎవరూ నడిచి రారు.

కాబట్టి అడ్వాన్సు ఎంత ఉండాలన్న లెక్కను, “పక్కవాళ్ళు సగం తీసుకుంటున్నారు కాబట్టి మనమూ సగం” అని వేయకూడదు. ఆ తేదీ ఫలానా రోజున మన చేతికి తిరిగి వస్తే మనకు నిజంగా పోయేదెంత అన్నది ముందు తేల్చుకోవాలి. ఒక ఉదాహరణ తీసుకుందాం. పాలకొల్లులోని ఒక పార్లర్ ఆచంటలో జరిగే పెళ్ళికి పదిహేను వేల రూపాయలకు ఒప్పుకుందనుకోండి. తెల్లవారుజామున ముహూర్తం. ఆ పదిహేను వేలలో సహాయకురాలికి 1,500, రానుపోను కారుకు 1,000, వాడే సామగ్రికి 1,500, కడియం వైపు నుంచి తెప్పించే పూలజడకు 2,000 పోతాయి. ఈ ఆరు వేలూ పని జరిగితేనే అయ్యే ఖర్చు. పని జరగదని వేళకు తెలిస్తే ఈ ఖర్చు ఉండదు. పోయేది మిగతా తొమ్మిది వేలు మాత్రమే. అదీ ఆ తేదీకి ఇంకొకరు దొరకకపోతేనే.

ఇంకొకరు దొరుకుతారా లేదా అన్నది పూర్తిగా ఎన్ని రోజుల ముందు తెలిసిందన్న దాని మీద ఆధారపడుతుంది. ముహూర్తానికి నెల ముందు తెలిస్తే, మనం వెనక్కి పంపినవారిలో ఒకరికి ఫోన్ చేస్తే చాలు, తేదీ దాదాపుగా నిండుతుంది. నెలకూ పది రోజులకూ మధ్య తెలిస్తే, సగం అవకాశం ఉందనుకోవచ్చు. చివరి పది రోజుల్లో తెలిస్తే ఆశ వదులుకోవాల్సిందే. అప్పటికి ఆ ముహూర్తానికి పెళ్ళి ఉన్న ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు కుదిరిపోయి ఉంటారు. ఈ హద్దులు ఊరిని బట్టి మారతాయి. ప్రతి పార్లర్‌లోనూ బుకింగ్ పుస్తకం ఉంటుంది కాబట్టి, గత రెండు సీజన్లలో ఖాళీ అయిన తేదీలు ఎన్నాళ్ళ ముందు ఖాళీ అయ్యాయో, వాటిలో ఏవి నిండాయో ఒక సాయంత్రం కూర్చుని చూసుకుంటే మీ హద్దులు మీకు తెలుస్తాయి. వెనక్కి పంపినవారి పేర్లూ ఫోన్ నంబర్లూ రాసిపెట్టుకునే అలవాటు లేకపోతే మాత్రం ఈ లెక్క ఏదీ పనిచేయదు, ఎందుకంటే ఖాళీ అయిన తేదీని నింపేది ఆ జాబితాయే.

ఇప్పుడు పై ఉదాహరణలోని పార్లర్‌కు నియమం ఇలా కుదురుతుంది. తేదీ ఖాయం చేసుకునే రోజున మూడు వేలు. ముహూర్తానికి నెల రోజులుందనగా ఇంకో నాలుగు వేల ఐదు వందలు. దీంతో సగం సొమ్ము చేరుతుంది. మిగతా సగం, మేకప్ మొదలుపెట్టే ముందు. నెల కంటే ముందే వద్దనుకుంటే, కట్టిన మూడు వేలలో వెయ్యి మినహాయించి రెండు వేలు వాపసు. నెలకూ పది రోజులకూ మధ్య వద్దనుకుంటే, కట్టిన ఏడున్నర వేలలో నాలుగున్నర వేలు మినహాయించి మూడు వేలు వాపసు. తొమ్మిది వేల నష్టానికి సగం అవకాశం అన్న లెక్క అదే. పది రోజుల లోపల అయితే వాపసు లేదు. అప్పటికీ మనకు పోయేది తొమ్మిది వేలు, మన దగ్గర ఉన్నది ఏడున్నర వేలే. ఆ తేడాను వదులుకోవడమే మంచిదని నా అభిప్రాయం. పెళ్ళికి రెండు నెలల ముందే సగానికి మించి కట్టమంటే, మన వైపు ఇళ్ళలో ఆ మాట విన్న పెద్దవారు పక్క పార్లర్‌కు నడుస్తారు.

ఈ అమరికలో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించేది రెండో వాయిదా. అది డబ్బు కోసం పెట్టింది అనిపిస్తుంది గానీ, నిజానికి అది ఒక ప్రశ్న. సంబంధం అటూ ఇటూ ఊగుతున్న ఇంట్లో, లేదా మనతో పాటు ఇంకో ఇద్దరి దగ్గర కూడా తేదీ పట్టుకుని ఉంచుకున్న ఇంట్లో, మూడు వేలు ఎవరూ పట్టించుకోరు. నాలుగున్నర వేలు పంపాల్సి వచ్చినప్పుడు మాత్రం ఇంట్లో కూర్చుని తేల్చుకుంటారు. డబ్బు వస్తే సరే. రాకపోతే ఆ రోజే ఒక ఫోన్, రెండు రోజులకు ఇంకో ఫోన్. మూడో రోజుకీ రాకపోతే తేదీ వదిలేశామని మర్యాదగా చెప్పి, మొదటి హద్దు ప్రకారం రెండు వేలు వాపసు పంపేసి, జాబితాలో ఉన్నవారికి కబురు చేయాలి. ముహూర్తం రోజు తెల్లవారుజామున తెలియాల్సిన సంగతి నెల ముందే తెలిసిపోతుంది. మొత్తం సగం సొమ్మూ మొదటి రోజే తీసుకుంటే ఈ ప్రశ్న వేసే అవకాశమే ఉండదు.

చివరి పది రోజుల్లో వాపసు లేదన్నాను కదా. మరి అక్కడ మళ్ళీ పాత సమస్యే వస్తుంది. డబ్బు పోయిందని తెలిసినవారు చెప్పకుండా ఊరుకుంటారు. చెప్పకుండా రాకపోతే మనకు పోయేదెంతో చూడండి: తొమ్మిది వేలతో పాటు, కట్టించిన పూలజడ రెండు వేలు, రాత్రంతా మేలుకున్న సహాయకురాలికి ఇవ్వాల్సిన పదిహేను వందలు, కారుకు వెయ్యి. మొత్తం పదమూడున్నర వేలు. అంటే చివరి పది రోజుల్లో అయినా సరే, ముందుగా వచ్చే ఒక్క ఫోన్ విలువ మనకు నాలుగున్నర వేల రూపాయలు. అందులో కొంత ఆ ఫోన్ చేసినవారికి ఇవ్వడంలో నష్టం లేదు. పూలజడకు పురమాయించడానికి ముందు, అంటే ముహూర్తానికి రెండు రోజుల ముందు లోపల చెబితే, ఆరు నెలల్లో ఆ కుటుంబంలో ఎవరైనా పార్లర్‌లో వాడుకునేలా రెండు వేలు ఖాతాలో జమ ఉంచుతామని నియమంలోనే రాయాలి. నగదు ఇవ్వనక్కరలేదు. చెప్పినందుకు ఏదో ఒకటి మిగలాలి, అంతే.

ఇక ముహూర్తం మార్పు. మన దగ్గర పెళ్ళి రద్దు కావడం కంటే ముహూర్తం మారడమే ఎక్కువ, అందుకు ఒకసారి తేదీ మార్చుకునే వీలు ఉచితంగా ఇవ్వాలి. అయితే ఇక్కడ ఒక కన్నం ఉంది. పెళ్ళికి ఐదు రోజులుందనగా రద్దు చేసుకుంటే ఏమీ రాదని తెలిసినవారు, ముందు తేదీని రెండు నెలల తర్వాతకు మార్పించుకుని, మర్నాడు ఫోన్ చేసి “ఇప్పుడు నెలకు పైనే ఉంది కదండీ, వాపసు ఇచ్చేయండి” అనవచ్చు. అందుకని, తేదీ మార్చిన తర్వాత రద్దు చేసుకుంటే రోజుల లెక్క మొదటి తేదీ నుంచి, మార్పు అడిగిన రోజును బట్టే చూస్తామని ఒక వాక్యం ఉండి తీరాలి. కొత్త తేదీన మనకు ఇప్పటికే వేరే పెళ్ళి ఉంటే దాన్ని మార్పుగా కాక రద్దుగానే చూడాల్సి వస్తుంది. అందరి పంతుళ్ళూ అవే ముహూర్తాలు పెడతారు కాబట్టి ఇలా జరగడం అరుదేమీ కాదు.

మినహాయింపులు రెండే ఉండాలని నా పట్టుదల: ఇంట్లో మైల రావడం, వరద లేదా తుపాను. మొదటిదాని గురించి చాలామంది అడిగే ప్రశ్న, “అబద్ధం చెబితే ఎలా తెలుస్తుంది?” అని. మరణ ధృవీకరణ పత్రం తెమ్మని ఏ మొహం పెట్టుకుని అడుగుతాం? అడగనక్కర లేకుండా నియమం రాసుకోవాలి. మైల వస్తే ఎంత దగ్గరలో చెప్పినా, కట్టిన మొత్తం సొమ్మూ ఏడాది వరకు కొత్త తేదీకి చెల్లుతుంది, కానీ నగదు వాపసు ఉండదు అని రాస్తే, పెళ్ళి ఎలాగూ మన దగ్గరే చేయించుకోవాలనుకున్నవారికే అది ఉపయోగపడుతుంది. వేరేచోట కుదుర్చుకున్నవారికి అబద్ధం చెప్పి ప్రయోజనం ఉండదు. మిగతా కారణాలేవీ అడగకూడదు. సంబంధం తప్పిపోయిన ఇంటి తల్లిని ఎందుకు తప్పిందని అడిగే హక్కు మనకు లేదు, పైగా కారణాన్ని బట్టి వాపసు మారుతుందని తెలిస్తే అందరి దగ్గరా కథలు పుట్టుకొస్తాయి. రోజుల లెక్క ఒక్కటే చూస్తే ఎవరూ ఏమీ వివరించనక్కరలేదు.

వరద సంగతి మన డెల్టాకు ప్రత్యేకం. గోదావరికి పెద్ద వరదలు సాధారణంగా జూలై, ఆగస్టుల్లో వస్తాయి. శ్రావణ మాసపు పెళ్ళిళ్ళూ ఆ రోజుల్లోనే. 2022 జూలైలో కోనసీమ లంక గ్రామాలను ముంచెత్తిన వరద ఆషాఢంలో వచ్చింది కాబట్టి పెళ్ళిళ్ళకు అడ్డుపడలేదు, అది మన అదృష్టం. లంకల్లోనూ, కాజ్‌వే దాటి వెళ్ళాల్సిన ఊళ్ళలోనూ ఒప్పుకున్న పెళ్ళికి, దారి మునిగి మనం వెళ్ళలేకపోతే ఆ తప్పు ఎవరిదీ కాదు. అటువంటప్పుడు వారు ఒడ్డున ఉన్న ఊరికి పెళ్ళికూతురిని తీసుకురాగలిగితే పని అక్కడే చేస్తామనీ, లేకపోతే అప్పటికి చేసేసిన ఖర్చు మాత్రం మినహాయించి మిగతాది ఇచ్చేస్తామనీ ముందే చెప్పుకోవాలి.

మనవైపు నుంచి తప్పితే? ఈ ప్రశ్నకు సమాధానం లేని నియమం నా దృష్టిలో నియమమే కాదు. ఆర్టిస్టుకు జ్వరం వస్తే, లేదా సీజన్ ఒత్తిడిలో రెండు పెళ్ళిళ్ళు పొరపాటున ఒకే ముహూర్తానికి పడితే, కట్టినదంతా వాపసు ఇచ్చి, అదే ధరకు వేరొకరిని కుదిర్చి పంపే బాధ్యత మనదే. ఇది మర్యాద మాత్రమే కాదు, చట్టం కూడా అటే చూస్తుంది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం, వినియోగదారుడి మీద మితిమీరిన డిపాజిట్లు రుద్దే ఒప్పందాన్నీ, జరిగిన నష్టంతో పొంతన లేని జరిమానా వేసే ఒప్పందాన్నీ అన్యాయమైన ఒప్పందాల కోవలో చేర్చింది. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోని 74వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో రాసుకున్న మొత్తం గరిష్ఠ హద్దు మాత్రమే. దానికి లోబడి సహేతుకమైన పరిహారమే దక్కుతుంది. నష్టమే జరగనప్పుడు ముందు కట్టిన సొమ్మును జప్తు చేసుకోవడం చెల్లదని 2015లో సుప్రీంకోర్టు ఒక భూమి వేలం కేసులో చెప్పింది. గోడ మీది “ఎట్టి పరిస్థితుల్లోనూ” అన్న మాటకు వీటి ముందు బలం తక్కువ. అదే, ముహూర్తం దగ్గరపడేకొద్దీ మినహాయింపు పెరిగే వాపసు పట్టికా, దాని వెనుక పైన చెప్పిన ఖర్చుల లెక్కా మన దగ్గర ఉంటే, ఎవరు అడిగినా చూపించవచ్చు.

రోజువారీ పనుల గురించి రెండు మాటలు. ఐబ్రోలకూ, హెయిర్‌కట్‌కూ, మామూలు ఫేషియల్‌కూ అడ్వాన్సు అడగడం మన ఊళ్ళలో శుద్ధ దండగ. సగం మంది చెప్పకుండానే వచ్చేవారు కాబట్టి ఖాళీ కుర్చీ ఖాళీగా ఉండదు. నాలుగు గంటలు పట్టే స్మూతనింగ్, కెరటిన్ వంటివాటికీ, సంక్రాంతి ముందు వారానికీ, వరలక్ష్మీ వ్రతం ముందు రోజుకీ మాత్రం తీసుకోవాలి. అయితే వంద రూపాయలో రెండు వందలో తీసుకోవడం కంటే అసలు తీసుకోకపోవడం మేలు. ఇజ్రాయెల్‌లోని హైఫా నగరంలో పిల్లల సంరక్షణ కేంద్రాలు, సాయంత్రం పిల్లలను ఆలస్యంగా తీసుకెళ్ళే తల్లిదండ్రులకు చిన్న జరిమానా పెట్టి చూశాయి. ఆలస్యాలు తగ్గకపోగా పెరిగాయని, జరిమానా తీసేశాక కూడా తగ్గలేదని 2000లో వచ్చిన ఒక ఆర్థికశాస్త్ర అధ్యయనం తేల్చింది. అంతకుముందు మొహమాటంతో త్వరపడినవారు, డబ్బు కడుతున్నాం కదా అని నింపాదిగా వచ్చారు. వంద రూపాయల అడ్వాన్సు చేసే పని కూడా అదే: రాకపోవడానికి ఒక ధర కట్టి, చవకగా అమ్మినట్టవుతుంది. నాలుగు వేల కెరటిన్‌కు వెయ్యి తీసుకోండి, ముందు రోజు సాయంత్రం ఆరు లోపల చెబితే మొత్తం తిరిగి ఇవ్వండి. రెండుసార్లు చెప్పకుండా మానేసినవారికి మూడోసారి పూర్తి సొమ్ము కట్టాకే వేళ ఇవ్వండి. అంతకు మించి అక్కడ ఆలోచించాల్సింది లేదు.

నియమం ఎంత బాగా రాసుకున్నా, చెప్పేచోట తేలిపోతే ఉపయోగం లేదు. మన వైపు అడ్వాన్సు మాట ఎత్తగానే పెళ్ళికూతురి తల్లి గారు అనే మొదటి మాట నాకు కంఠతా వచ్చు: “మేమెక్కడికి పోతామండీ, మీ మీద నమ్మకంతోనే కదా వచ్చాం!” దానికి నియమాలు వల్లించడం మొరటుగా ఉంటుంది. “ఆయ్, మీరెక్కడికీ పోరండీ. ఆ రాత్రికి ఇంకెవరు అడిగినా లేదని చెప్పేస్తాను కదండీ, అందుకోసం. ఒకవేళ ముహూర్తం మారితే ముందుగా ఒక్క ఫోన్ చేయండి చాలు, మీకు రావలసింది మీకు వచ్చేస్తుంది” అని వాపసు వైపు నుంచి మొదలుపెడితే, ఆవిడకు గుర్తుండిపోయేది ఆ ఫోన్ చేయాలన్న మాటే. మనకు కావలసిందీ అదే.

ఆ తర్వాత, డబ్బు అందిన వెంటనే వాట్సాప్‌లో ఒక సందేశం వెళ్ళాలి. దాన్ని పెళ్ళికూతురికే పంపి ఊరుకోకూడదు. ఫోన్‌పేలో డబ్బు పంపింది ఏ మేనమామ గారో అయితే ఆయనకూ పంపాలి, ఎందుకంటే రేపు వాపసు దగ్గర మాట వస్తే మాట్లాడేది ఆయనే. వాపసు కూడా డబ్బు ఏ ఖాతా నుంచి వచ్చిందో ఆ ఖాతాకే పంపాలి. లేదంటే ఇంట్లో ఇద్దరు మనుషుల మధ్య మనం ఇరుక్కుంటాం. సందేశం చిన్నదిగా, తేదీలతో ఉండాలి. “నెల రోజుల ముందు” అని రాస్తే లెక్కల్లో తేడాలు వస్తాయి కాబట్టి క్యాలెండర్ తేదీలే వేయాలి. జూన్ 20 తెల్లవారుజామున ముహూర్తం ఉన్న పెళ్ళికి ఇలా రాయవచ్చు:

“జూన్ 20 ముహూర్తానికి మీ బుకింగ్ ఖాయమైంది. రూ. 3,000 అందింది. మే 20న రూ. 4,500, మేకప్‌కు ముందు రూ. 7,500 ఇవ్వాలి. మే 20 లోపల వద్దనుకుంటే రూ. 2,000 వాపసు. మే 21 నుంచి జూన్ 10 లోపల అయితే కట్టిన రూ. 7,500లో రూ. 3,000 వాపసు. ఆ తర్వాత వాపసు లేదు. జూన్ 18 ఉదయం లోపల చెబితే రూ. 2,000 పార్లర్‌లో ఆరు నెలలు వాడుకోవచ్చు. తేదీ ఒకసారి ఉచితంగా మార్చుకోవచ్చు. ఆ తర్వాత రద్దయితే లెక్క మొదటి తేదీ ప్రకారమే. ఇంట్లో మైల వస్తే కట్టినదంతా ఏడాది వరకు కొత్త తేదీకి చెల్లుతుంది. మా వల్ల తప్పితే మొత్తం వాపసు, వేరే ఆర్టిస్టును మేమే పంపుతాం. సరే అని ఒక్క మాట జవాబివ్వండి.”

ఆ చివరి జవాబు రాకుండా బుకింగ్ పుస్తకంలో పేరు సిరాతో ఎక్కించకండి, పెన్సిలుతోనే ఉంచండి. మే 18న, జూన్ 8న, జూన్ 17న ఇదే సందేశాన్ని మళ్ళీ ముందుకు పంపి, కింద “రేపు లేదా ఎల్లుండితో గడువు ముగుస్తుందండీ, మార్పేమైనా ఉంటే చెప్పండి” అని ఒక వరుస చేర్చాలి. గుర్తుచేయడం ముహూర్తం ముందు రోజున కాకుండా ప్రతి గడువుకూ ఒకటి రెండు రోజుల ముందు ఉండటానికి కారణం ఒకటే: చెబితే వారికి డబ్బు మిగిలేదీ, మనకు తేదీ మిగిలేదీ ఆ రోజుల్లోనే.